గల్లాలో ఏడు వేలు, పుస్తకంలో పది వేల లాభం

కొత్తగా కిరాణా కొట్టు పెట్టినవాళ్లను మొదటి నెల ఆఖర్న ఒక సందేహం పట్టుకుంటుంది. సరుకు బాగానే కదిలింది. సాయంత్రమయ్యేసరికి కొట్టు ముందు జనం నిలబడ్డారు. వందకు ఎంత మిగులుతుందో నోటి లెక్కన తెలుసు కాబట్టి లాభం వచ్చే ఉండాలి. తీరా గల్లాపెట్టె, బ్యాంకు నిల్వ కలిపి చూస్తే మళ్లీ సరుకు వేయించడానికి చాలినంత డబ్బు లేదు. "లక్షా ఇరవై వేల బేరం జరిగిందన్నారు, డబ్బేదండీ?" అని ఇంట్లో అడిగితే పొడుగు నోటుబుక్కు ముందేసుకుని పేజీలు తిప్పడమే మిగులుతుంది.

ఆ నోటుబుక్కులో అబద్ధమేమీ ఉండదు. ఒకవైపు జమ, ఒకవైపు ఖర్చు. రాత్రి కొట్టు కట్టేసే వేళకు తేలిన నిల్వ గల్లాలో ఉన్న డబ్బుతో సరిపోతుంది కూడా. కాకపోతే అది డబ్బు ఒక్కదాని సంగతే చెబుతుంది. హోల్‌సేల్ వ్యాపారికి కట్టింది, ఇంటికి పట్టుకెళ్లింది, గది అద్దె ఇచ్చింది, మూడూ దానికి ఒకటే: పోయిన డబ్బు. నిజానికి మొదటిది బాకీ తీర్చడం, రెండోది మీ సొమ్ము మీరే వెనక్కి తీసుకోవడం, మూడోదొక్కటే ఖర్చు. ఈ తేడా రాసుకోవడానికి ఆ పుస్తకంలో చోటు లేదు. జంటపద్దు విధానం ఆ చోటు కల్పిస్తుంది. డబ్బు కదిలిందని ఒక ఖాతాలో రాసి, దేనికోసం కదిలిందో ఇంకో ఖాతాలో రాయమంటుంది.

అయితే రెండే ఎందుకు? ఒక ఖాతాలో రాసి పక్కన ఓ మాట గుర్తుగా పెట్టుకుంటే సరిపోదా? దీనికి జవాబు తెలియాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ లెక్కలు మీవి కావు, కొట్టువి. మీరు వేరు, మీ కొట్టు వేరు. కొట్టు పెట్టిన కొత్తలో చాలామందికి ఇది మింగుడుపడదు. "నా డబ్బు, నా కొట్టు, ఇందులో వేరేమిటి?" అంటారు. కానీ పుస్తకం రాసేటప్పుడు కొట్టును ఒక మనిషిలా చూడాలి, అదీ తనకంటూ చిల్లిగవ్వ లేని మనిషిలా. దాని దగ్గర ఏమున్నా అది ఎవరో ఒకరు తెచ్చి పెట్టిందే. మీరు పెట్టుబడిగా పెట్టి ఉండాలి, లేదా ఎవరో అరువు ఇచ్చి ఉండాలి. అందుకే కొట్టులో ఉన్న ప్రతి రూపాయి గురించీ రెండు ప్రశ్నలు వేయవచ్చు. ఇప్పుడది ఏ రూపంలో ఉంది? దాని మీద హక్కు ఎవరిది? ఉన్నది ఒకే సొమ్ము, చూసేది రెండు వైపుల నుంచి. కాబట్టి రెండు మొత్తాలూ ఎప్పుడూ సమానంగానే ఉంటాయి. ఒకచోట మారి ఇంకోచోట మారకపోతే ఆ సమానం చెడుతుంది. జంటపద్దుకు మూలం ఇదే.

ఒక చిన్న కొట్టును తీసుకుని నెల రోజులు నడిపి చూద్దాం. గల్లాలో నోట్లనూ, ఫోన్‌లో పడే యూపీఐ డబ్బునూ కలిపి ప్రస్తుతానికి 'నగదు' అనే అందాం. అసలు పుస్తకంలో గల్లాకు ఒక ఖాతా, బ్యాంకుకు ఒక ఖాతా వేరుగా ఉండాలి.

మొదటి రోజు మీరు 2,00,000 రూపాయలు పెట్టారు. కొట్టులో 2,00,000 నగదు ఉంది. దానిమీద హక్కు మీదే, ఆ హక్కు పేరు మూలధనం ఖాతా. రెండో రోజు ర్యాకులు, కాటా, ఒక ఫ్రిజ్ కొన్నారు, 60,000 అయింది. నగదు తగ్గింది, సామాను వచ్చింది. హక్కులేమీ మారలేదు, మీ సొమ్మే ఒక రూపం వదిలి ఇంకో రూపం ఎత్తింది. ఆ తర్వాత హోల్‌సేల్ వ్యాపారి దగ్గర 1,50,000 సరుకు వేయించారు. లక్ష చేతికిచ్చి, మిగతా 50,000 అరువు చెప్పారు. ఇక్కడ కదిలినవి మూడు ఖాతాలు. సరుకు 1,50,000 పెరిగింది, నగదు లక్ష తగ్గింది, వ్యాపారికి ఇవ్వాల్సిన బాకీ 50,000 పుట్టింది. ప్రతి లావాదేవీ రెండు ఖాతాలను తాకుతుందని మనం అనుకునేది వాడుక మాట. కచ్చితంగా చెప్పాలంటే కనీసం రెండింటిని తాకుతుంది, ఎన్నింటిని తాకినా రెండు వైపుల మొత్తం మాత్రం ఒక్కటే కావాలి.

ఇప్పుడు కొట్టులో ఏమున్నాయి? నగదు 40,000, సామాను 60,000, సరుకు 1,50,000, కలిపి 2,50,000. హక్కులు ఎవరివి? మీవి 2,00,000, వ్యాపారివి 50,000. సరిపోయింది.

అసలు విషయం అమ్మకంలో ఉంది. 85 రూపాయలకు కొన్న సరుకు వందకు అమ్మారు. 85 రూపాయల సరుకు బయటికి వెళ్లింది, వంద రూపాయలు లోపలికి వచ్చాయి. కొట్టులో 15 రూపాయలు పెరిగాయి. వాటి మీద హక్కు ఎవరిది? హోల్‌సేల్ వ్యాపారిది కాదు, ఆయనకు రావాల్సింది ఆయన బాకీ వరకే. కొట్టు తనకంటూ ఏమీ ఉంచుకోదు. కాబట్టి ఆ 15 మీది. లాభమంటే ఇంతే. అదేదో గల్లాలో విడిగా మూటకట్టి ఉండే డబ్బు కాదు, కొట్టు మీద యజమాని హక్కులో వచ్చిన పెరుగుదల. అద్దె కట్టినప్పుడు ఇదే తిరగబడుతుంది. నగదు తగ్గింది, బదులుగా ఏ వస్తువూ రాలేదు, ఏ బాకీ తీరలేదు. ఆ తగ్గుదల ఎవరో ఒకరు భరించాలి కదా, మీరే భరిస్తారు. అందుకే అద్దె ఖాతాలో రాసిన ప్రతి రూపాయీ నెలాఖరుకు మీ హక్కులోంచే పోతుంది.

కిరాణా కొట్టులో సబ్బుబిళ్ల అమ్మిన ప్రతిసారీ దాని కొనుగోలు ధర వెతికి రాయడం అయ్యే పని కాదు. అందుకని చిన్న కొట్లలో సరుకు కొన్నప్పుడు కొనుగోళ్ల ఖాతాలో, అమ్మినప్పుడు అమ్మకాల ఖాతాలో రాసుకుంటూ పోతారు. నెలాఖరున ర్యాకుల మీద మిగిలింది లెక్కపెట్టి, కొన్న ధరకు విలువ కట్టి, ఎంత సరుకు వెళ్లిందో అప్పుడు తేలుస్తారు.

మన కొట్టు నెలలో 1,20,000 అమ్మింది. అందులో 90,000 అప్పటికప్పుడు వచ్చింది, 30,000 ఖాతాదారుల దగ్గర అరువు మీద ఉంది. అద్దె, కరెంటు కలిపి 8,000. వ్యాపారి బాకీలో 40,000 తీర్చారు. మధ్యలో ఇంకో 60,000 సరుకు నగదుకు తెచ్చారు. ఇంటి ఖర్చులకు 15,000 తీసుకున్నారు. కూడికలు, తీసివేతలు అన్నీ అయ్యాక గల్లాలో, బ్యాంకులో కలిపి మిగిలింది 7,000. సరుకు లెక్కపెడితే 1,08,000 ఉంది.

ఇప్పుడు ఇంట్లో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. మొత్తం కొన్న సరుకు 2,10,000, మిగిలింది 1,08,000, అంటే అమ్ముడైన సరుకు మీకు పడిన ధర 1,02,000. అమ్మకం 1,20,000. తేడా 18,000. అందులో అద్దె, కరెంటు 8,000 పోను లాభం 10,000. లాభం నిజంగానే వచ్చింది. డబ్బు కూడా ఎక్కడికీ పోలేదు, ర్యాకుల మీద సరుకై కూర్చుంది, 30,000 జనం దగ్గర బాకీగా ఉంది. కొట్టులో ఉన్నవన్నీ కూడండి. నగదు 7,000, సరుకు 1,08,000, సామాను 60,000, రావలసిన బాకీలు 30,000, మొత్తం 2,05,000. అటువైపు వ్యాపారికి ఇవ్వాల్సింది 10,000. మీది, పెట్టిన 2,00,000కు లాభం 10,000 కలిపి, ఇంటికి వాడుకున్న 15,000 తీసేస్తే 1,95,000. రెండూ కలిపి 2,05,000.

ఆ 1,95,000 దగ్గర ఒక్క క్షణం ఆగాలి. కొట్టు పది వేలు సంపాదిస్తే ఇల్లు పదిహేను వేలు తినింది. పెట్టుబడిలోంచి 5,000 కరిగింది. గల్లా నిండుగా కనిపించే పండగ నెలల్లో ఇది ఏడాది పాటు సాగినా కనిపెట్టలేరు, ఎందుకంటే నోటుబుక్కులో సొంతవాడకాలకు, అద్దెకు తేడా లేదు. నన్నడిగితే కొత్తగా కొట్టు పెట్టినవాళ్లు జంటపద్దు నేర్చుకోవడానికి ఈ ఒక్క అంకె చాలు. ఆదాయపు పన్ను, జీఎస్టీ సంగతులు ఆ తర్వాతే.

ఇక డెబిట్, క్రెడిట్. వీటి దగ్గరే చాలామంది పుస్తకం మూసేస్తారు. డెబిట్ అంటే ఖాతాకు ఎడమవైపు, క్రెడిట్ అంటే కుడివైపు, అంతకు మించి మంచీ చెడూ ఏమీ లేదు. కొట్టులో ఉండేవి (నగదు, సరుకు, సామాను, రావలసిన బాకీలు), అలాగే ఖర్చులు, సొంతవాడకాలు పెరిగితే ఎడమవైపు రాస్తారు. హక్కులు, అంటే మూలధనం, ఇవ్వాల్సిన బాకీలు, ఆదాయాలు పెరిగితే కుడివైపు. తగ్గితే దానికి ఎదురు వైపు. ఈ లెక్కన మీరు ర్యాకులు కొన్నప్పుడు సామాను ఖాతాకు డెబిట్, నగదు ఖాతాకు క్రెడిట్.

ఇక్కడ అందరూ అడిగేది ఒకటుంది. డబ్బు పడగానే బ్యాంకు వాళ్ల మెసేజీ మీ ఖాతాకు క్రెడిట్ అయిందంటుంది. ఆడిటర్ గారేమో అదే డబ్బును మీ పుస్తకంలో బ్యాంకు ఖాతాకు డెబిట్ రాయమంటారు. ఇద్దరూ రైటే. బ్యాంకు రాసేది దాని పుస్తకం. మీరు వేసిన డబ్బు మీరెప్పుడు అడిగినా ఇవ్వాలి కాబట్టి దానికి మీరు ఒక బాకీ, బాకీ పెరిగితే కుడివైపు. మీ పుస్తకంలో అదే డబ్బు మీకు రావలసింది, రావలసింది పెరిగితే ఎడమవైపు. హోల్‌సేల్ వ్యాపారితోనూ ఇంతే. మీ పుస్తకంలో ఆయన ఖాతా కుడివైపు 10,000 చూపిస్తే, ఆయన పుస్తకంలో మీ ఖాతా ఎడమవైపు 10,000 చూపించాలి. చూపించకపోతే ఇద్దరిలో ఒకరు ఏదో రాయడం మరిచిపోయారన్నమాట. నెలకొకసారి ఆయన దగ్గర మీ ఖాతా నకలు తెప్పించుకుని పక్కపక్కన పెట్టుకోవడం మంచిది. బిల్లు వచ్చి సరుకు రాని సందర్భాలు, వెనక్కి పంపిన పాడు సరుకుకు తగ్గింపు వేయని సందర్భాలు అలాగే బయటపడతాయి.

ఈ పద్ధతి ఎవరో ఒకరు ఒకరోజు కూర్చుని కనిపెట్టింది కాదు. ఇటలీలోని జెనోవా నగరపాలక సంస్థ 1340 నాటి లెక్కల్లోనే ఇది కనిపిస్తుంది. లూకా పాచోలి అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో, అక్కడి వర్తకులు అప్పటికే రాస్తున్న తీరును వివరంగా చెప్పాడు. ఆయన చెప్పినవి మూడు పుస్తకాలు. జరిగింది జరిగినట్టు గీకేసే చిత్తు పుస్తకం, దాన్ని సరిచేసి తేదీల వారీగా రాసే చిట్టా, అందులోంచి ఒక్కో ఖాతాకు ఒక్కో పేజీ చొప్పున ఎక్కించే ఆవర్జా. ఇప్పుడు ట్యాలీలో కూర్చుని రాసినా జరిగేది అదే. మీరు వోచర్ ఒకసారి కొడితే అది రెండు ఖాతాల్లోకీ తనే ఎక్కిస్తుంది. రెండు వైపులూ సమానం కాకపోతే ఆ వోచర్‌ను తీసుకోదు. గల్లాలో డబ్బు బ్యాంకులో వేస్తే దానికి F4, కాంట్రా వోచర్. మీ ఒక జేబులోంచి ఇంకో జేబులోకి పోయిన డబ్బు కాబట్టి అది ఆదాయమూ కాదు, ఖర్చూ కాదు. ఇది తెలియక అమ్మకం రోజు ఒకసారి, బ్యాంకులో వేసిన రోజు ఇంకోసారి అదే డబ్బును రాబడిగా చూపించుకునేవాళ్లున్నారు.

అన్నీ రెండు వైపులా రాశాం కనుక నెలాఖరున డెబిట్ నిల్వలన్నీ ఒకచోట, క్రెడిట్ నిల్వలన్నీ ఒకచోట కూడితే సమానం రావాలి. దీన్నే అంకణా అంటారు. మన కొట్టులో ఎడమవైపు నగదు 7,000, సామాను 60,000, కొనుగోళ్లు 2,10,000, రావలసిన బాకీలు 30,000, అద్దె, కరెంటు 8,000, సొంతవాడకాలు 15,000. కుడివైపు మూలధనం 2,00,000, అమ్మకాలు 1,20,000, వ్యాపారి బాకీ 10,000. రెండూ 3,30,000 దగ్గర కలిశాయి.

కలవకపోతే? చేత్తో రాసేవాళ్లు తేడాను చూసే తప్పు ఎక్కడుందో పట్టేస్తారు. వ్యాపారికి కట్టిన 40,000ను ఆయన ఖాతాలో డెబిట్ వైపు రాయాల్సింది పొరపాటున క్రెడిట్ వైపు రాశారనుకోండి. కుడివైపు 4,10,000 అవుతుంది, తేడా 80,000. అందుకే ముందు తేడాను సగం చేసి, ఆ సగమంత అంకె ఎక్కడుందో వెతుకుతారు. అంకెలు తారుమారైతే, అంటే 5,400కు బదులు ఒకచోట 4,500 పడితే, తేడా 900 వస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైనప్పుడు తేడా ఎప్పుడూ 9తో భాగహరించబడుతుంది. ఎంత వెతికినా దొరకని తేడాను అనామతు ఖాతాలో పెట్టి ముందుకు సాగుతారు, కానీ దాన్ని ఏడాదంతా అక్కడే ఉంచితే పుస్తకం రాయడంలో అర్థం లేదు.

అంకణా కలిసిందని సంబరపడటానికీ లేదు. రెండు వైపులా ఒకే తప్పు జరిగితే అది కనిపెట్టలేదు. ఫ్రిజ్ ఖరీదు 25,000 అనుకోండి, దాన్ని సామాను ఖాతాలో కాకుండా కొనుగోళ్లలో రాసేశారు. రెండూ ఎడమవైపు ఖాతాలే కాబట్టి మొత్తం మళ్లీ 3,30,000 దగ్గరే కలుస్తుంది. కానీ కొనుగోళ్లు 2,35,000 అయ్యాయి, ర్యాకుల మీద సరుకు మాత్రం 1,08,000 దగ్గరే ఉంది. అంటే అమ్మిన సరుకు ధర 1,27,000 అన్నట్టు తేలుతుంది. పది వేల లాభం కాస్తా పదిహేను వేల నష్టంగా కనిపిస్తుంది. ఒక ఖాతాదారు కట్టిన డబ్బును అదే పేరున్న ఇంకొకరి ఖాతాలో జమ చేసినా, ఒక అమ్మకం మొత్తానికే రాయకుండా వదిలేసినా అంకణా నోరెత్తదు. వీటిని పట్టుకోవాలంటే పుస్తకం బయటికి రావాలి. గల్లాలో నోట్లు లెక్కపెట్టాలి, బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడాలి, సరుకు లెక్కపెట్టాలి, ఖాతాదారులకు వాళ్ల బాకీ చెప్పి అవునా కాదా అని అడగాలి.

కిరాణా కొట్లలో ఎక్కువగా జారిపోయేది ఇంటికి తీసుకెళ్లిన సరుకు. 1,300 పడిన బియ్యం బస్తా ఒకటి ఇంటికి వెళ్లింది. డబ్బు కదల్లేదు కాబట్టి ఎవరికీ రాయాలనిపించదు. రాయాల్సింది ఇది: సొంతవాడకాలకు డెబిట్ 1,300, కొనుగోళ్లకు క్రెడిట్ 1,300. అమ్మే ధరకు కాదు, కొన్న ధరకే, ఎందుకంటే కొట్టు దాన్ని అమ్మలేదు. ఇది రాస్తే మన కొట్టు లాభం 11,300, సొంతవాడకాలు 16,300 అవుతాయి. చివరికి మీ హక్కు అదే 1,95,000. రాయకపోతే ఆ అంకె మారదు గానీ కొట్టు సంపాదన తగ్గినట్టు కనిపిస్తుంది. మార్జిన్ చాలడం లేదనో, పనికుర్రాడు సరుకు మాయం చేస్తున్నాడనో అనుమానాలు మొదలవుతాయి. పాలప్యాకెట్లు, నూనె, పప్పు కలిపితే నెలకు ఇది చిన్న మొత్తమేమీ కాదు.

డబ్బు కదలకుండానే రెండు ఖాతాలు కదిలే పద్దులు ఇంకా ఉన్నాయి. 60,000 పెట్టి కొన్న సామాను అయిదేళ్లు పనికొస్తుందనుకుంటే ఏడాదికి 12,000, నెలకు 1,000 చొప్పున అరుగుతుంది. తరుగుదల ఖాతాకు డెబిట్ 1,000, సామాను ఖాతాకు క్రెడిట్ 1,000. ఎవరికీ రూపాయి ఇవ్వలేదు, అయినా ఆ నెల ఖర్చులో అదీ ఒకటి. అలాగే 1,500 బాకీ ఉన్న ఖాతాదారు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు, ఫోను ఎత్తడం లేదు. ఇక రాదని మీరు నిర్ణయించుకున్న రోజున రానిబాకీల ఖాతాకు డెబిట్, ఆయన ఖాతాకు క్రెడిట్. బియ్యం బస్తా సంగతి పక్కనపెట్టి ఈ రెండూ రాస్తే మన కొట్టు లాభం పది వేల నుంచి 7,500కు దిగుతుంది, మీ హక్కు 1,92,500 అవుతుంది. గల్లాలో మాత్రం అదే 7,000. ఇంకా 28,500 ఖాతాదారుల దగ్గర ఉంది. వ్యాపారికి 10,000 ఇవ్వాలి. ఆయన వచ్చే సోమవారం వస్తానన్నాడంటే, ఈలోగా ఎవరింటికి వెళ్లి బాకీ అడగాలో చూసుకోవడానికి ఆవర్జాలో ఆ పేజీలు తెరవాల్సిందే.